ఎవరి ముఖాలతో నేర్చుకుంది?

(జగిత్యాలలో చేసిన స్మారకోపన్యాసానికి ముద్రిత పాఠం)

ఎవరి జ్ఞాపకార్థం ఈరోజు ఇక్కడ కూడుకున్నామో ఆ సార్ మాకు కాలేజీలో సంభావ్యత చెప్పారు. పాఠం మధ్యలో ఎవరైనా "నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు" అంటే చాలు, "ఏ నూటికి?" అని అడిగేవారు. ఇవాళ్టి నా మాటలన్నీ ఆ ప్రశ్న చుట్టే తిరుగుతాయి కాబట్టి, సార్ గురించి విడిగా పొగడ్తలు పెట్టుకోలేదు.

కోరుట్లలో, మెట్‌పల్లిలో, సిరిసిల్లలో బీడీలు చేసే ఆడవాళ్ళకు 2015 నుంచి ఆసరా కింద పింఛన్ వస్తున్నది. ఇప్పుడు దాని పేరు చేయూత. ఏళ్ళ తరబడి తునికాకు చుట్టిన వేళ్ళ మీద గీతలు అరిగిపోతాయి. వేలిముద్ర యంత్రం దగ్గర మూడుసార్లు, నాలుగుసార్లు నొక్కినా ఎర్ర లైటే వెలుగుతుందని ఈ సభలో సగం మందికి తెలుసు. అందుకే 2025లో రాష్ట్ర ప్రభుత్వం పింఛన్ల పంపిణీకి ముఖ గుర్తింపు తెచ్చింది. అదే ఏడాది జూలై 1 నుంచి అంగన్‌వాడీల్లో పోషణ్ ట్రాకర్ కూడా ఇంటికి తీసుకుపోయే సరుకులకు తల్లి ముఖం చూపించమంటున్నది. వేలు పోయి ముఖం వచ్చింది.

ఇది ఒక వైపు. రెండో వైపు పోలీసుల ఫోన్లలో ఉంది. తెలంగాణ పోలీసులు తమ టీఎస్‌కాప్ యాప్‌లో ముఖ గుర్తింపును 2018 ఆగస్టులో చేర్చారు. రోడ్డు మీద ఒక మనిషిని ఆపి ఫొటో తీస్తే, ఆ ముఖం పాత నేరస్తుల ఫొటోల్లో ఎవరితోనైనా కలుస్తుందేమో అది వెతుకుతుంది. 2021 లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లో తనను ఆపి, మాస్కు తీయించి ఫొటో తీసుకున్నారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ హైకోర్టుకు వెళ్ళారు. ఆయన ప్రజాప్రయోజన వ్యాజ్యం మీద 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది. ఆ కేసులోని గోప్యత ప్రశ్న పెద్దదే, కానీ నేను ఇవాళ దాని జోలికి పోను. సాఫ్ట్‌వేర్ ఎందుకు పొరబడుతుంది, కొందరి విషయంలోనే ఎందుకు ఎక్కువగా పొరబడుతుంది అన్నంత వరకే నా విషయం.

పింఛన్ ఇచ్చే పోస్టాఫీసులో జరిగే పనీ, రోడ్డు మీద పోలీసుల ఫోనులో జరిగే పనీ ఒకటే అనుకుంటాం. కాదు. పోస్టాఫీసులో అడిగేది "ఈమె ఈమేనా?" అని. ఒక ముఖాన్ని ఒకే ఫొటోతో పోలుస్తారు. అక్కడ పొరపాటు జరిగితే నిజమైన మనిషినే కాదంటుంది, అవ్వ ఉత్త చేతులతో ఇంటికి పోతుంది. దాన్ని తప్పుడు తిరస్కారం అందాం. రోడ్డు మీద అడిగేది "వీడు ఎవడు?" అని. ఒక ముఖాన్ని లక్ష ఫొటోలతో పోలుస్తారు. అక్కడ పొరపాటు జరిగితే సంబంధం లేని ఇద్దరిని కలిపేస్తుంది, ఒకడి నేరం ఇంకొకడి నెత్తిన పడుతుంది. దాన్ని తప్పుడు జోడీ అందాం. ఈ రెండు పొరపాట్లకూ కారణాలు వేరు. శిక్షణ డేటా పాపం ఎక్కువగా రెండోదానిలో ఉంది. పత్రికల్లో ఈ తేడా చెప్పకుండా "పక్షపాతం" అనే ఒక్క మాట కింద రెండింటినీ మూట కడుతుంటారు. అక్కడే చర్చ దారి తప్పుతుంది.

యంత్రం ముఖాన్ని ఎలా చూస్తుందో కొంచెం చెప్పాలి. అది ముందు ఫొటోలో ముఖం ఎక్కడుందో వెతుకుతుంది. కళ్ళు, ముక్కు, నోటి మూలలు ఆనవాళ్ళుగా పెట్టుకొని ముఖాన్ని నిటారుగా సర్దుతుంది. తర్వాత ఆ ముఖాన్ని ఒక అంకెల వరుసగా మారుస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే నమూనాల్లో ఒక ముఖానికి 512 అంకెలు. 2015లో గూగుల్ పరిశోధకులు తెచ్చిన ఫేస్‌నెట్‌లో 128 ఉండేవి. ఆ అంకెల్లో ఒకటి ముక్కు పొడవనీ ఒకటి నుదురు వెడల్పనీ అనుకోకండి, అలాంటి అర్థం దేనికీ విడిగా ఉండదు. రెండు ఫొటోల అంకెల వరుసలు ఎంత దగ్గరగా ఉన్నాయో లెక్కగట్టి ఒక స్కోరు ఇస్తుంది. ఆ స్కోరు ఒక కటాఫ్ దాటితే "ఒకే మనిషి", దాటకపోతే "వేర్వేరు మనుషులు". అంతకుమించి దానికి ఏమీ తెలియదు. ముఖం అనేది ఒకటుందని కూడా తెలియదు.

ఆ అంకెలు ఎలా వేయాలో అది నేర్చుకునేది శిక్షణలో. లక్షల ఫొటోలు ఇచ్చి, ఇవి ఫలానా మనిషివి, ఇవి ఇంకో మనిషివి అని చెబుతారు. ఒకే మనిషి ఫొటోలు దగ్గరికి రావాలి, వేర్వేరు మనుషులవి దూరం జరగాలి. తప్పు చేసిన ప్రతిసారీ లోపలి లెక్కలు కొద్దిగా సవరించుకుంటుంది. ఇలా కోట్ల సార్లు. ఈ పనిలో ఒక కిటుకు ఉంది, మొత్తం కథ దానిలోనే ఉంది. వేరు చేయమని అడిగిన వాళ్ళను వేరు చేయడమే అది నేర్చుకుంటుంది. అడగని వాళ్ళను వేరు చేయడానికి దానికి కారణమే లేదు.

మన ఊళ్ళల్లో గొర్లు కాసే మనిషి మందలో ప్రతి గొర్రెనూ గుర్తుపడతాడు. నాకూ మీకూ అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. ఆయన కళ్ళు మన కళ్ళకన్నా పదునైనవి కావు. ఏ గొర్రె తప్పిపోయిందో రోజూ తేల్చుకోవలసిన అవసరం ఆయనది, ఆ అవసరమే ఆయనకు ఎక్కడ చూడాలో నేర్పింది. శిక్షణ డేటాలో ఒక సముదాయం నుంచి వేలమంది ఉంటే, వాళ్ళను విడదీయడానికి యంత్రం సన్నని తేడాలు వెతుక్కోవాలి. అదే సముదాయం నుంచి నలుగురే ఉంటే "ఈ సముదాయం మనిషి" అని తెలిసిపోవడంతోనే సగం పని అయిపోతుంది. మిగతా లక్షమంది నుంచి వాళ్ళను విడదీయడానికి ఆ ఒక్క ఆనవాలు చాలు. దాంతో ఆ సముదాయం వాళ్ళందరి అంకెలూ ఒకే మూలన గుంపుగా పడతాయి. గుంపు ఇరుకైనప్పుడు లోపల వాళ్ళ మధ్య దూరాలు తక్కువ. దూరాలు తక్కువైతే సంబంధం లేని ఇద్దరికి కూడా కటాఫ్ దాటే స్కోరు వస్తుంది. తప్పుడు జోడీ పుట్టేది అక్కడే.

మరి శిక్షణలో ఉన్నది ఎవరు? 2007లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు విడుదల చేసిన ఎల్‌ఎఫ్‌డబ్ల్యూ అనే సంకలనం మీద ఏళ్ళ తరబడి ప్రపంచం తన సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించుకుంది. అందులో 5,749 మందివి 13,233 ఫొటోలు. అవి వార్తల నుంచి తీసినవి. జార్జి బుష్ ఒక్కడివే 530. తర్వాత లెక్కబెట్టి చూసినవాళ్ళకు అందులో నాలుగింట మూడొంతులకు పైగా మగవాళ్ళు, ఐదింట నాలుగొంతులకు పైగా తెల్లవాళ్ళు అని తేలింది. అక్కడ 99 మార్కులు తెచ్చుకున్నామని కంపెనీలు ప్రకటించుకున్న రోజుల్లో మా సార్ ఉంటే ఏమడిగేవారో మీకు తెలుసు. శిక్షణకు వాడిన పెద్ద సంకలనాల్లో ఒకటి 2016లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఎంఎస్-సెలెబ్-1ఎం. లక్షమంది ప్రసిద్ధుల పేర్లు తీసుకొని ఇంటర్నెట్ నుంచి ఏరిన దాదాపు కోటి ఫొటోలు. వివాదం రేగాక 2019లో కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. అప్పటికే అది అందరి కంప్యూటర్లలోకీ చేరిపోయింది.

ప్రసిద్ధుల ఫొటోలే ఎందుకు? సోమరితనం వల్ల అనుకుంటాం. కొంత అదీ ఉంది, కానీ అసలు కారణం వేరు. శిక్షణకు ఒకే మనిషివి చాలా ఫొటోలు కావాలి. పగటి వెలుగులో ఒకటి, ట్యూబ్‌లైటు కింద ఒకటి, నవ్వుతూ ఒకటి, పక్కకు తిరిగి ఒకటి, పదేళ్ళ కిందటిది ఒకటి. అవన్నీ ఒకే మనిషివని చెప్పినప్పుడే ఏ మార్పును పట్టించుకోకూడదో అది నేర్చుకుంటుంది. అలా ఇరవై ముప్పై ఫొటోలు, పేరుతో సహా బయట దొరికేది ఎవరివి? సినిమా వాళ్ళవి, ఆటగాళ్ళవి, నాయకులవి. మన హీరోలు అందులో ఉండే ఉంటారు, మేకప్‌తో, మంచి లైటింగుతో. ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుట్టే అరవై ఐదేళ్ళ మనిషికి ఆధార్ ఫొటో ఒకటి, రేషన్ కార్డు కోసం ఇంటిల్లిపాదితో దిగింది ఒకటి, మనవరాలి పెళ్ళిలో గుంపు వెనకాల నిలబడింది ఒకటి. ఆమెను శిక్షణలో చేర్చుకోవాలని ఎవరైనా మనస్ఫూర్తిగా అనుకున్నా, చేర్చుకోవడానికి ఆమె ఫొటోలు లేవు. సిరిసిల్లలో సాంచెల మీద పనిచేసే ముసలాయనకూ అంతే. డేటాలో బీదవాళ్ళు లేకపోవడానికి ఎవరో కక్షగట్టి తీసేయడం కారణం కాదు. వాళ్ళ బతుకులో ఫొటోలు తక్కువ.

ఇప్పుడు కొలతలకు వద్దాం. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019 డిసెంబరులో ఒక నివేదిక వెలువరించింది. పాట్రిక్ గ్రోథర్, ఆయన సహచరులు 99 సంస్థలు తయారుచేసిన 189 సాఫ్ట్‌వేర్‌లను 84 లక్షల పైచిలుకు మనుషుల కోటీ 82 లక్షల ఫొటోల మీద పరీక్షించారు. ఎక్కువ సాఫ్ట్‌వేర్‌లలో తప్పుడు జోడీలు అందరికన్నా తక్కువ వచ్చింది తూర్పు ఐరోపా వాళ్ళకు. అందరికన్నా ఎక్కువ వచ్చింది ఆఫ్రికా తూర్పు పడమర దేశాల వాళ్ళకు, తూర్పు ఆసియా వాళ్ళకు. కొన్నిట్లో ఆ తేడా పది రెట్లు, కొన్నిట్లో వంద రెట్లు. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకు, నడివయసు వాళ్ళకన్నా పిల్లలకూ ముసలివాళ్ళకూ తప్పుడు జోడీలు ఎక్కువ.

ఈ నివేదికలో నన్ను కట్టిపడేసిన ఫలితం వేరే ఉంది. చైనాలో తయారైన కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో తూర్పు ఆసియా వాళ్ళ లెక్క తలకిందులైంది. అక్కడ ఆ ముఖాలకు పొరపాట్లు తక్కువ. ముఖాల్లోనే ఏదో ఉంది, అవి సహజంగానే ఒకదానికొకటి పోలి ఉంటాయి అనేవాళ్ళకు ఇది జవాబు. ముఖాలు అవే. నేర్చుకున్న చోటు మారింది. శిక్షణ డేటానే కారణమని నిస్ట్ నిరూపించలేదు, ఎందుకంటే ఏ కంపెనీ తన శిక్షణ డేటాను దానికి చూపించలేదు. కానీ ఇంతకన్నా బలమైన సూచన దొరకడం కష్టం.

భారతీయుల సంగతి? దక్షిణాసియా వాళ్ళ విషయంలో తేడా ఆఫ్రికా వాళ్ళంత లేదు. దాన్ని చూసి ఊరట పడేముందు, ఆ ఫొటోలు ఎవరివో చూడండి. అవి వీసాలకూ, అమెరికాలో స్థిరపడే కాగితాలకూ దరఖాస్తు చేసుకున్న వాళ్ళవి. అందులో తెలుగువాళ్ళు బోలెడుమంది ఉండి ఉంటారు, అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నవాళ్ళు. జగిత్యాల నుంచి దుబాయికీ మస్కట్‌కూ పోయినవాళ్ళు ఆ వరుసలో నిలబడలేదు. "భారతీయులు" అనే ఒకే గడి కింద ఇద్దరినీ రాసేస్తే గడి నిండుతుంది, మనుషులు కనిపించరు.

ఇదే ఇబ్బంది మరోచోట మరీ స్పష్టంగా ఉంది. 2019లో చైనా పరిశోధకులు మే వాంగ్, వైహాంగ్ డెంగ్ ఆర్‌ఎఫ్‌డబ్ల్యూ అనే పరీక్షా సంకలనం తయారుచేశారు. తెల్లవాళ్ళు, ఆసియా వాళ్ళు, భారతీయులు, ఆఫ్రికా వాళ్ళు అని నాలుగు వర్గాలు, ఒక్కో వర్గంలో సుమారు మూడు వేలమంది. పేరున్న కంపెనీల సేవలను దాని మీద పరీక్షిస్తే, ఆఫ్రికా ముఖాల మీద వచ్చిన తప్పులు తెల్ల ముఖాలతో పోలిస్తే రెట్టింపుకు దగ్గరగా ఉన్నాయి. నాలుగు వర్గాలనూ సమానంగా పెట్టి మళ్ళీ శిక్షణ ఇస్తే ఎడం తగ్గింది, పూర్తిగా పోలేదు. మెచ్చుకోవలసిన పని. అయితే భారతీయుల వర్గాన్ని వాళ్ళు నింపింది నేను ఇందాక చెప్పిన ఆ ప్రసిద్ధుల సంకలనం నుంచే, జాతీయత చూసి. అంటే న్యాయం కోసం ప్రత్యేకంగా చేసిన సంకలనంలో కూడా భారతీయుడు అంటే ఒక నటుడో, క్రికెటరో, మంత్రో. పాళ్ళు సరిచేశారు గానీ బీడీ కార్మికురాలు ఇంకా లోపలికి రాలేదు.

మన దేశం ముఖాల మీద మన దేశంలో చేసిన పరీక్ష ఒకటుంది. 2021లో గౌరవ్ జైన్, స్మృతి పర్షీరా నాలుగు వాణిజ్య సాధనాలను భారతీయ ముఖాల మీద పరీక్షించారు. ఫొటోలు ఎక్కడివి? ఎన్నికల సంఘానికి అభ్యర్థులు ఇచ్చిన ఫొటోలు. తెలివైన ఎంపిక. అభ్యర్థి అన్న తర్వాత రాష్ట్రం ఏదైనా, కులం ఏదైనా, ధనవంతుడైనా ఇండిపెండెంటైనా ఒక ఫొటో ఇవ్వాలి, వయసూ, ఆడో మగో రాయాలి. ఆడవాళ్ళను మగవాళ్ళుగా చెప్పడం ఒక సాధనంలో 14.68 శాతం దాకా పోయింది. నాలుగింటిలోనూ మగవాళ్ళకన్నా ఆడవాళ్ళ విషయంలోనే తప్పులు ఎక్కువ. వయసు చెప్పడంలో పదేళ్ళు అటూ ఇటూ వదిలేసినా, సాధనాన్ని బట్టి 14.3 నుంచి 42.2 శాతం దాకా తప్పాయి. ఇది ఆడామగా తేల్చే పరీక్షే గానీ మనిషిని గుర్తించే పరీక్ష కాదు, రెంటినీ కలపకూడదు. అయినా ఒక సంగతి తెలుస్తుంది. మన ముఖాల మీద ఎవరూ కొలవకముందే ఈ సాధనాలు మన దగ్గర అమ్మకానికి వచ్చేశాయి.

ఇప్పుడు కటాఫ్ దగ్గరికి. 2022లో ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ వాళ్ళు సమాచార హక్కు కింద అడిగితే, 80 శాతం పైన పోలిక వస్తే దాన్ని సరైన జోడీగా తీసుకుంటామని ఢిల్లీ పోలీసులు జవాబిచ్చారు. వినడానికి నూటికి ఎనభై పాళ్ళు వాడే అన్నట్టు ఉంటుంది. దాని అర్థం అది కాదు. 80 అనేది రెండు అంకెల వరుసల మధ్య దగ్గరితనానికి కంపెనీ వేసుకున్న కొలబద్ద మీద ఒక గీత. ఒక కంపెనీ 80, ఇంకో కంపెనీ 80 ఒకటి కావు. ఆ గీత దగ్గర ఎంతమంది పరాయివాళ్ళు లోపలికి జారతారో పరీక్షించి చూస్తేనే తెలుస్తుంది, అదీ ఎవరి మీద పరీక్షించారన్న దాన్ని బట్టి.

ఒక లెక్క వేద్దాం. అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవి, ఏ శాఖవీ కావు. కంపెనీ తన పరీక్షలో, తన దగ్గరున్న ముఖాల మీద, సంబంధం లేని లక్ష జతల్లో ఒక్క జత మాత్రమే కటాఫ్ దాటేట్టు గీత పెట్టిందనుకోండి. పోలీసుల దగ్గర లక్ష ఫొటోలు ఉన్నాయి. ఏ నేరమూ చేయని ఒక మనిషి ఫొటో పెట్టి వెతికితే సగటున ఒక తప్పుడు జోడీ వస్తుంది. అసలేమీ రాకపోయే అవకాశం నూటికి 37 పాళ్ళు. ఇప్పుడు అదే గీత, అదే ఫోను, కానీ ముఖం శిక్షణలో తక్కువగా ఉన్న సముదాయానిది. తప్పుడు జోడీలు పది రెట్లు అనుకుందాం. సగటున పదిమంది నేరస్తులతో ఈ అమాయకుడి ముఖం కలుస్తుంది. ఏ ఒక్కరితోనూ కలవకపోయే అవకాశం సుమారు ఇరవై రెండు వేలలో ఒకటి. "లక్షకు ఒక్క పొరపాటు" అని అమ్మిన సరుకే ఇది. అమ్మినవాడు అబద్ధమాడలేదు కూడా.

ఇంకో మెలిక ఉంది. కంపెనీ పరీక్షలో జతలు ఎలా కూర్చారు? ఎవరితో ఎవరినైనా కలిపి కూర్చితే, ఆ జతల్లో చాలావాటిలో ఒకరు మగ, ఒకరు ఆడ, ఒకరికి ఇరవై, ఇంకొకరికి అరవై. వాళ్ళను వేరు చేయడం ఏపాటి పని? ఒకే దేశం, ఒకే వయసు, ఒకే లింగం వాళ్ళను జతలు కడితే తప్పుడు జోడీలు బాగా పెరుగుతాయని నిస్ట్ చూపించింది. పోలీసుల ఆల్బమ్‌లో ఉండేది ఎవరు? ఎక్కువగా మన రాష్ట్రం మగపిల్లలే, పద్దెనిమిదికీ నలభైకీ మధ్య. రోడ్డు మీద ఆపేదీ వాళ్ళనే. అంటే అసలు వాడుక మొత్తం కష్టమైన జతల మీద నడుస్తుంది, పరీక్ష మార్కులేమో సులువైన జతల మీద వచ్చినవి. దీనికి తోడు ఏ బస్తీలో ఎక్కువమందిని ఆపి ఫొటోలు తీస్తారో ఆ బస్తీ ముఖాలే ఆల్బమ్‌లో పెరుగుతూ పోతాయి. సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా ఆ పెరుగుదలను ఆపలేదు.

పోస్టాఫీసు అవ్వ సంగతి చెప్పకుండా వదిలేశాననుకోకండి. ఆమెకు జరిగేది తప్పుడు తిరస్కారం. దీనిలో శిక్షణ డేటా వంతు ఉంది, ముసలి ముఖాలూ ఏళ్ళ ఎడం ఉన్న ఫొటోలూ శిక్షణలో తక్కువే. కానీ ముందు చూడవలసింది ఫొటోలనే. ఆధార్ నమోదు 2010లో మొదలైంది, మన దగ్గర చాలామంది ముఖాలు ఆ తర్వాత రెండు మూడేళ్ళలో ఏ బడి వరండాలోనో ల్యాప్‌టాప్‌కు తగిలించిన కెమెరాతో తీసినవి. ఈలోగా పళ్ళు ఊడాయి, బుగ్గలు లోపలికి పోయాయి, కంటి ఆపరేషన్ అయింది. ఇవాళ ఫోను పట్టుకున్న ఉద్యోగి ఆమెను గుమ్మంలో నిలబెడితే వెనక ఎండ, ముందు నీడ. కెమెరా ఎండను చూసి తన వెలుతురు తగ్గించుకుంటుంది, నల్లని ముఖం ఇంకా నల్లబడుతుంది, కొంగు నుదుటి మీదికి దిగి ఉంటుంది. అంకెలు వేయడానికి ముందే ముఖం చేజారిపోయింది.

అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కోసం 2019లో జరిగిన ఒక పరిశోధన ఈ విషయంలో చూడదగ్గది. 363 మంది వాలంటీర్లు, పదకొండు రకాల కెమెరా వ్యవస్థలు. చర్మం నుంచి వెనక్కి వచ్చే వెలుతురు ఎంత తక్కువైతే గుర్తింపు అంత కష్టమైంది. అయితే ఆ కష్టం అన్ని కెమెరాల్లోనూ ఒకేలా లేదు. మంచి వ్యవస్థల్లో దాదాపు కనిపించలేదు, నాసిరకం వాటిలో కొట్టొచ్చినట్టు కనిపించింది. కాబట్టి పింఛన్ దగ్గర చేయవలసిన మొదటి పని కొత్త శిక్షణ కోసం ఎదురుచూడడం కాదు. ఆమెను వెలుతురు వైపు తిప్పి నిలబెట్టండి, ఆధార్ ఫొటోను కొత్తగా తీయించండి. అప్పటికీ కాదంటే ఊళ్ళో ఆమెను ఎరిగిన పంచాయతీ కార్యదర్శి సంతకం ఒకటి చెల్లేట్టు ఉండాలి, అదీ ఆ రోజే.

తిరస్కారాలు ఎక్కువయ్యాయని కటాఫ్ దించేద్దాం అనేవాళ్ళు ఉంటారు. దించితే అవ్వకు మేలే, కాకపోతే ఆమె కార్డు మీద ఆమె చెల్లెలు పింఛన్ తీసుకుపోవడం కూడా సులువవుతుంది. పింఛన్ దగ్గర దాన్ని భరించవచ్చని నా అభిప్రాయం. అరెస్టు దగ్గర భరించలేం. ఒకే సాఫ్ట్‌వేర్‌ను ఒకే గీతతో రెండు పనులకూ కొనడంలో ఉన్న పొరపాటు ఇదే.

డేటా సరిచేస్తే అన్నీ సర్దుకుంటాయా? అమెరికాలో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో విటర్ అల్బియేరో, కెవిన్ బౌయర్ బృందం ఆడామగా సమానంగా పెట్టి శిక్షణ ఇచ్చి చూశారు. ఆడవాళ్ళ విషయంలో ఎడం పోలేదు. జుట్టు ముఖాన్ని ఎంత కప్పుతుంది, మేకప్ ఏం చేస్తుంది అన్నవి కూడా లెక్కలోకి వచ్చాయి. పాళ్ళు సమానం చేయడం అవసరం, అదొక్కటే చాలదు. ఇంకో చిక్కు, ఆ పాళ్ళు నింపడానికి మన అవ్వల ఫొటోలు ఇరవై ఇరవై చొప్పున ఎవరు తీస్తారు, ఎవరి అనుమతితో? చేర్చుకోమని అడగడమూ, నిఘాకు ఇంకాస్త మేత పెట్టడమూ ఒక్కోసారి ఒకటే అవుతుంది. దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు.

శిక్షణ మన చేతిలో లేదు, కానీ పరీక్ష మన చేతిలో ఉంది. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్లల నుంచి అరవై దాటిన నాలుగు వందలమంది ఆడవాళ్ళు, చెప్పి ఒప్పించిన తర్వాత, రెండు వేర్వేరు రోజుల్లో రోజుకొక ఫొటో చొప్పున ఇస్తే చాలు. ఒక ఫొటో పోస్టాఫీసు గుమ్మంలో, అదే ఫోనుతో తీయాలి. ఎవరి ఫొటోను వాళ్ళ ఫొటోతోనే పోల్చితే నాలుగు వందల పోలికలు, తిరస్కారాలు నూటికి ఎన్నో తెలిసిపోతాయి. ఒకరిని ఇంకొకరితో పోల్చితే జతలు 79,800. అన్నీ ఒకే వయసు, ఒకే లింగం, ఒకే ప్రాంతం, అంటే అన్నీ కష్టమైన జతలే. పదివేలకు ఒక పొరపాటు ఉంటే ఎనిమిది వరకూ బయటపడతాయి. లక్షకు ఒకటి ఉంటే మటుకు ఇంత చిన్న గుంపులో కనిపించకపోవచ్చు, దానికి ఇంకా పెద్ద గుంపు కావాలి. నాలుగు వందలమందే అన్ని జతల్లోనూ తిరుగుతారు కాబట్టి, అందరితోనూ కలిసిపోయే ముఖాలు ఒకటీ అరా ఉంటే అవే లెక్కను పైకి లాగుతాయి. అలాంటి ముఖాలను విడిగా చూడాలి. ఇలాంటిదే ఇంకో పరీక్ష సాంచెల మీద పనిచేసే మగవాళ్ళతో, మరొకటి ఇరవై ఏళ్ళ పిల్లలతో చేయాలి. మన కాలేజీల్లో గణాంకశాస్త్రం చదివే పిల్లలు ఒక సెమిస్టర్‌లో చేయగల పని ఇది. ఫలితాన్ని వర్గాల వారీగా అచ్చువేసి మండల కార్యాలయం గోడకు అంటించవచ్చు.

టెండరులో మాత్రం ఒక షరతు ముందే రాయించుకోవాలి. కంపెనీ నమూనాను మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్ళీ జరగాలి. కొత్త వెర్షన్‌లో 512 అంకెలు వేరేగా పడతాయి, పాత కటాఫ్‌కు అర్థం మారిపోతుంది, యాప్ చూడడానికి మాత్రం నిన్నటిలాగే ఉంటుంది.